డయల్ బీపీ మెషిన్ ఒకటి చెబుతుంది, డిజిటల్ ఇంకొకటి చెబుతుంది: రిఫరెన్సుతో పోల్చడం ఎలా?

దిండి_సిస్టర్

దేవరకొండ దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గర బీపీ మెషిన్లు రెండున్నాయి. ఒకటి డయల్ రకం, చాలా ఏళ్ల నాటిది. రెండోది ఈ మధ్యనే కొన్న డిజిటల్. మా దగ్గరికి వచ్చే పత్తి రైతు ఒకాయనకు డిజిటల్‌లో 152/94 వచ్చింది. అనుమానం వచ్చి డయల్‌తో చూస్తే 146/90. అదే వారంలో నల్గొండలో ఆయనకు 142/88 అని రాసిచ్చారు. ఆ చీటీ తెచ్చి బల్ల మీద పెట్టి, "మీ మిషనే ఎక్కువ చూపిస్తోందమ్మా, మందు పెంచమంటే ఎట్లా?" అని అడిగాడు. డయల్ నల్గొండ లెక్కకు దగ్గరగా ఉంది కాబట్టి డిజిటల్‌ను పక్కన పెట్టేయమని మా డాక్టర్ గారు అంటున్నారు. కొత్త మెషిన్‌ను అంత తేలిగ్గా తప్పుపట్టడానికి నాకు మనసొప్పడం లేదు. ఏది సరైనదో తేల్చే పద్ధతి ఏమైనా ఉందా?

ఇంకో సంగతి. డిజిటల్ థర్మామీటర్లు మూడున్నాయి. ఒకే మనిషికి వాటి మధ్య అర డిగ్రీ ఫారన్‌హీట్ తేడా వస్తోంది.

రిటైర్డ్_ఫార్మసిస్టు

అమ్మా, ఇందులో తేల్చడానికేముంది? పాదరసం మెషిన్ ఒకటి సంపాదించి దాంతో పోల్చండి. పాదరసం అబద్ధమాడదు. మా రోజుల్లో డయల్ మెషిన్‌నే అనుమానంగా చూసేవాళ్లం, ఇక ఈ బ్యాటరీ బొమ్మల సంగతి చెప్పాలా! థర్మామీటరుదీ అంతే. కరుగుతున్న మంచులో పెట్టండి, తర్వాత మరిగే నీళ్లలో పెట్టండి. సున్నా, వంద చూపిస్తే మంచిది, లేకపోతే పారేయండి.

గద్వాల్_ల్యాబ్

సార్, దయచేసి ఆ మరిగే నీళ్ల మాట వెనక్కి తీసుకోండి. అది ల్యాబ్ థర్మామీటరుకు చేసే పరీక్ష. జ్వరం చూసేవి సుమారు 32 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వరకే కొలుస్తాయి. మంచులో పెడితే డిజిటల్ తెర మీద "తక్కువ" అన్న గుర్తు తప్ప అంకె రాదు. పాత గాజుదాన్ని మరిగే నీళ్లలో ముంచితే పగిలి పాదరసం గిన్నెలో పడుతుంది. సిస్టర్, థర్మామీటర్ల సంగతి నేను చెబుతాను, ముందు బీపీ చర్చ ముగియనివ్వండి.

పాలమూరు_మీటర్

మహబూబ్‌నగర్ కేంద్రంగా ఆసుపత్రి పరికరాల సర్వీసు చేస్తాను. సిస్టర్, మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. మెషిన్‌లోకి వచ్చిన గాలి ఒత్తిడిని అది సరిగా చూపిస్తోందా అన్నది మొదటిది. ఆ ఒత్తిడిని బట్టి మనిషి బీపీని సరిగా పట్టుకుంటోందా అన్నది రెండోది. మొదటిదానికి మనిషి అక్కర్లేదు, గొట్టం, బల్బు, గాలి ఒత్తిడి కొలిచే రిఫరెన్సు మానోమీటరు ఉంటే చాలు. మనిషి చేతికి కట్టి పోలిస్తే రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తప్పు ఎక్కడుందో తెలియదు. మీ దగ్గర జరిగింది అదే.

ఫార్మసిస్టు గారి మాట సగం నిజం. పాదరసం మెషిన్ బాగుంటే మంచి ప్రమాణమే. కానీ గాలి లేనప్పుడు పాదరసం సరిగ్గా సున్నా దగ్గర ఉండాలి, గొట్టం నిలువుగా ఉండాలి, పైన గాలి ఆడే చోటు మూసుకుపోకూడదు. అది మూసుకుపోతే పాదరసం వెనకబడి దిగుతుంది, అంకె ఎక్కువగా కనబడుతుంది. మూలన పడి ఉన్న పెట్టెను తీసి ప్రమాణం అనలేం. పైగా పాదరసం వాడకం తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది, కొత్తది కొనమని నేను ఎవరికీ చెప్పను.

కావలసింది ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో ఉన్న డిజిటల్ మానోమీటరు. మనం వెతికేది బీపీ అంకెలో 3 మిల్లీమీటర్ల తప్పు. వెతికే పరికరం తప్పు ఒక మిల్లీమీటరు లోపు ఉండాలి. వచ్చే వారం కల్వకుర్తి మీదుగా మీ వైపు వస్తున్నాను, నా మానోమీటరు, గొట్టాన్ని రెండు కొమ్మలుగా చీల్చే టీ ముక్క రెండు రోజులు మీ దగ్గర ఉంచుతాను. ఈలోగా ఒక గట్టి స్టీలు సీసా వెతికి పెట్టండి.

సాగర్_కాలువ

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మకు ఇంట్లో పొద్దున 160 వస్తోంది, సాయంత్రం 130 వస్తోంది. ఇంటి మెషిన్ పాడైనట్టేనా? మేమూ ఈ స్టీలు సీసా పరీక్ష చేయాలా?

మిర్యాలగూడ_డాక్టర్

పాడైన మెషిన్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా పాడవదు. బీపీ రోజంతా మారుతూనే ఉంటుంది, మందు వేసుకున్న వేళను బట్టి కూడా మారుతుంది. వారం పాటు పొద్దున, సాయంత్రం రాసిన అంకెలతో, మెషిన్‌తో సహా అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పొద్దున 160 నిజమే అయితే అది మెషిన్ చర్చ కాదు, ఆలస్యం చేయకండి.

సిస్టర్ విషయంలో మాత్రం నేను మీ డాక్టరు గారి వైపే. పెద్ద ఆసుపత్రి అంకెకు దగ్గరగా ఉన్నదాన్ని నమ్మడంలో తప్పేముంది? క్లినిక్ నడిపేవాళ్లకు మానోమీటర్లు తెచ్చే తీరిక ఉండదు.

పాలమూరు_మీటర్

డాక్టర్ గారూ, నల్గొండ కొలత మరో రోజుది, మరో కఫ్‌తో, మరో చేతికి కూడా అయి ఉండవచ్చు. దానికి దగ్గరగా రావడం ఒక్కటే సాక్ష్యం కాదు. కొలిచి చూద్దాం.

సిస్టర్, పద్ధతి ఇది. డయల్ మెషిన్ కఫ్‌ను స్టీలు సీసాకు బిగించి చుట్టండి. ప్లాస్టిక్ సీసా వద్దు, అది లోపలికి నొక్కుకుపోయి ఒత్తిడి నిలవదు. బల్బు నుంచి వచ్చే గొట్టంలో టీ ముక్క పెట్టి ఒక కొమ్మకు డయల్, ఇంకో కొమ్మకు మానోమీటరు తగిలించండి. ఇప్పుడు రెండింటికీ చేరేది ఒకే గాలి. 200 దాకా కొట్టి వాల్వు మూసి వదిలేయండి. మొదటి నిమిషంలో కొంచెం పడితే కంగారు పడకండి, కొట్టిన గాలి వేడెక్కి చల్లారుతుంది కాబట్టి పడుతుంది. ఆ తర్వాత కూడా నిమిషానికి 4 కన్నా ఎక్కువ పడుతుంటే లీకు ఉన్నట్టు. ముందు దాన్ని సరిచేయకుండా కొలతలు తీసుకోవద్దు.

లీకు లేదనుకున్నాక సూదిని 50, 100, 150, 200, 250 గీతల మీద ఆపుతూ ప్రతిసారీ మానోమీటరు అంకె రాయండి. దీన్ని తిరగేసి చేయకండి. మానోమీటరును 150 దగ్గర ఆపి సూదిని చదివితే గీతల మధ్య ఊహించాల్సి వస్తుంది. పైకి వెళ్తూ ఒకసారి, కిందికి దిగుతూ ఒకసారి రాయాలి. మనం స్టెతస్కోపుతో చప్పుడు వినేది గాలి దిగేటప్పుడే, కాబట్టి రోగికి సంబంధించినవి దిగే అంకెలే.

రిటైర్డ్_ఫార్మసిస్టు

సూది సున్నా మీద ఉందో లేదో చూస్తే ఇదంతా ఒక్క క్షణంలో తేలిపోతుంది కదా.

పాలమూరు_మీటర్

సూది సున్నా మీద లేకపోతే పాడైందని తేలుతుంది సార్. ఉంటే మాత్రం ఏమీ తేలదు. కొన్ని డయళ్లలో సున్నా దగ్గర చిన్న పిన్ను ఉంటుంది, వెనక్కి పడాల్సిన సూదిని అదే అడ్డుకుని నిలబెడుతుంది. సూది చక్కగా సున్నా మీద కూర్చున్నట్టే కనబడుతుంది. సిస్టర్, గాజు దగ్గరగా పెట్టి చూడండి, మీ డయల్‌లో పిన్ను ఉందా?

దిండి_సిస్టర్

ఉంది సార్. ఇన్నేళ్లూ అది గీతల్లో భాగమే అనుకున్నాం. మానోమీటరు అందింది, పరీక్ష పూర్తయింది. లీకు నిమిషానికి 2, పర్వాలేదు. డయల్ సూది గీత మీద ఉన్నప్పుడు మానోమీటరు చూపింది ఇదీ:

డయల్ 50: ఎక్కేటప్పుడు 51, దిగేటప్పుడు 51
డయల్ 100: ఎక్కేటప్పుడు 103, దిగేటప్పుడు 102
డయల్ 150: ఎక్కేటప్పుడు 155, దిగేటప్పుడు 154
డయల్ 200: ఎక్కేటప్పుడు 207, దిగేటప్పుడు 206
డయల్ 250: ఎక్కేటప్పుడు 258, దిగేటప్పుడు 258

అంటే మా డయల్ తక్కువ చూపిస్తోంది. డాక్టర్ గారు మళ్లీ చేయమన్నారు, మళ్లీ అవే వచ్చాయి.

పాలమూరు_మీటర్

చక్కగా రాశారు. ఈ వరుసను కాస్త నిదానంగా చదవండి. 50 దగ్గర తప్పు 1, 100 దగ్గర 2, 150 దగ్గర 4, 200 దగ్గర 6. ఒత్తిడితో పాటు తప్పు పెరుగుతోంది. అన్ని గీతల దగ్గరా ఒకే తప్పు ఉంటే సూది జరిగిందని అర్థం, దాన్ని సరిచేయడం సులువు. ఇలా పెరిగితే లోపల ఉబ్బే రేకు బిళ్లో, దాన్ని సూదికి కలిపే పళ్ల చక్రమో అలసిపోయింది. సూదిని తిప్పి 150 దగ్గర సరిచేస్తే 80 దగ్గర కొత్త తప్పు మొదలవుతుంది. అనుమతించే తప్పు అటూ ఇటూ 3. కింది అంకె చూసే 80, 90 ప్రాంతంలో మీ డయల్ ఇంకా హద్దులోనే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బీపీ ఎక్కువ ఉన్నవాళ్ల పై అంకె దగ్గరే అది హద్దు దాటింది. అంటే ఎవరిని పట్టుకోవాలో వాళ్ల దగ్గరే తగ్గించి చెబుతోంది.

మిర్యాలగూడ_డాక్టర్

అలా అయితే లెక్క ఇంకా చిక్కుపడింది కదా. డయల్ 146 అంటే అసలు ఒత్తిడి 150. డిజిటల్ 152 అంది. అంటే డిజిటలే సరి, నల్గొండవాళ్ల 142 తప్పా?

పాలమూరు_మీటర్

తొందరపడకండి సార్, డిజిటల్‌ను ఇంకా పరీక్షించలేదు. చాలా డిజిటల్ మెషిన్లలో ఒత్తిడిని మాత్రమే చూపే సర్వీసు పద్ధతి ఉంటుంది, దానికి ఏ బటన్లు నొక్కాలో కంపెనీకో తీరు. తెలియకపోతే ఇంకో దారి ఉంది. దాని కఫ్‌ను కూడా సీసాకు చుట్టి, గొట్టంలో టీ ముక్క పెట్టి, మామూలుగానే స్టార్ట్ నొక్కండి. సీసాకు నాడి లేదు కాబట్టి చివరికి తప్పు గుర్తు చూపించి ఆగిపోతుంది, మనకు కావలసింది అది కాదు. గాలి దిగేటప్పుడు తెర మీద అంకెలు మారుతుంటాయి. మెషిన్ తెర, మానోమీటరు తెర ఒకే చట్రంలో పడేలా ఫోనుతో వీడియో తీయండి. తర్వాత ఆపి ఆపి చూసి జతలు రాసుకోండి. గాలి వేగంగా దిగే చోట జతలను నమ్మకండి, రెండు తెరలూ ఒకే క్షణంలో మారవు.

దిండి_సిస్టర్

తీశాం. నెమ్మదిగా దిగే చోట మానోమీటరు 171 ఉన్నప్పుడు డిజిటల్ 172, 140కి 141, 98కి 98. అన్నీ ఒకటి లోపే. గాలి ఒత్తిడి వరకు డిజిటల్ బాగానే ఉంది. మరి ఆ రైతుకు 152 ఎందుకు వచ్చింది?

గద్వాల్_ల్యాబ్

మొదటి పోస్టులో "పత్తి రైతు" అన్నారు. మనిషి ఎలా ఉంటారు? చేయి ఎంత లావు?

దిండి_సిస్టర్

దిట్టమైన మనిషే. టేపుతో కొలిస్తే భుజం, మోచేతి మధ్యలో 36 సెంటీమీటర్లు ఉంది. మీరు అడిగాక కఫ్ తిప్పి చూశాను. దాని మీద 22–32 సెం.మీ. అని ముద్రించి ఉంది.

పాలమూరు_మీటర్

దొరికింది. చేతికి చాలని కఫ్ కడితే కింది రక్తనాళాన్ని అణచడానికి ఎక్కువ గాలి కావాలి, అంకె పెరుగుతుంది. కఫ్ లోపలి గాలి సంచి పొడవు చేతి చుట్టుకొలతలో సుమారు 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. మీ డయల్ కఫ్ కూడా మామూలు సైజే అయి ఉంటుంది. ఇప్పుడు చూడండి. చిన్న కఫ్ వల్ల రెండు మెషిన్లలోనూ సుమారు 8 నుంచి 10 పెరిగింది. డిజిటల్ ఆ పెరిగిన అంకెను ఉన్నదున్నట్టు చూపింది. డయల్ దాంట్లోంచి తన 4 తినేసి చూపింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకున్నందుకే మీ డయల్ నల్గొండకు దగ్గరగా వచ్చింది. బక్కపలుచని మనిషికి ఇదే డయల్ కడితే కఫ్ తప్పు ఉండదు, తగ్గింపు మాత్రమే మిగులుతుంది.

పెద్ద కఫ్ తెప్పించి అదే డిజిటల్‌తో, అదే చేతికి చూడండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉంచాలి. చేయి పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే ఏడెనిమిది మిల్లీమీటర్లు ఊరికే పెరుగుతాయి, అప్పుడు మళ్లీ మెషిన్‌ను తిట్టుకుంటాం. కఫ్ మాత్రం ఆ కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చిందే కావాలి.

మిర్యాలగూడ_డాక్టర్

ఒప్పుకుంటున్నాను, ఇది నేను ఊహించలేదు. ఒక్క అభ్యంతరం మాత్రం ఉంది. సీసా పరీక్షలో డిజిటల్ నెగ్గినంత మాత్రాన మనిషి మీద నెగ్గినట్టు కాదు. అది చప్పుడు వినదు, కఫ్‌లో నాడి కదలికను బట్టి సొంత లెక్క వేస్తుంది. నాడి క్రమం తప్పినవాళ్లలో ఆ లెక్క తడబడుతుంది. అలాంటివాళ్లకు చెవితో వినే పద్ధతే కావాలి, దానికి మంచి డయల్ కావాలి.

పాలమూరు_మీటర్

నిజమే. ఆ లెక్క సరైనదో కాదో తేల్చేది క్లినిక్ పని కాదు. దానికి ఐఎస్ఓ 81060-2 ప్రకారం 85 మంది మీద, శిక్షణ పొందినవాళ్లు చెవితో విన్న కొలతలతో పోలుస్తారు. కొనేటప్పుడే ఆ మోడల్ ఆ పరీక్ష నెగ్గిందా అని చూసుకోవాలి. ఇద్దరు ముగ్గురు రోగుల మీద పోల్చి "ఇది 5 ఎక్కువ చూపుతుంది" అని మెషిన్‌కు పేరు పెట్టేయకండి.

దిండి_సిస్టర్

పెద్ద కఫ్ వచ్చింది. రైతుకు 143/88 వచ్చింది. కాసేపాగి పాత కఫ్‌తో చూస్తే 151. నల్గొండవాళ్లను ఇక తిట్టుకోనక్కర్లేదు. డయల్ మీద "4 కలపాలి" అని చీటీ అంటించి వాడుకుందామని డాక్టర్ గారు అంటున్నారు. చేయవచ్చా?

పాలమూరు_మీటర్

నేనైతే చేయను. 100 దగ్గర 2, 200 దగ్గర 6 అయినప్పుడు 4 అనేది ఎవరికి కలుపుతారు? పైగా అలసిన రేకు ఇక్కడే ఆగదు.

రిటైర్డ్_ఫార్మసిస్టు

మా రోజుల్లో తక్కెడకు కూడా చీటీలు అంటించి నడిపాం నాయనా. కొత్త డయల్ వచ్చేదాకా చీటీతో నడపడం తప్పని నేననుకోను.

గద్వాల్_ల్యాబ్

ఇక థర్మామీటర్లు. మా రిఫరెన్సు ప్రోబ్ మీకు పంపాను కదా, దాని సర్టిఫికెట్ కాగితం కూడా చదవండి. 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 0.1 ఎక్కువ చూపిస్తుందని రాసి ఉంది. చూసిన అంకెలోంచి ఆ 0.1 తీసేశాకే పోల్చాలి.

నోరు వెడల్పుగా ఉన్న పెద్ద ఫ్లాస్కులో 39 దగ్గరి గోరువెచ్చని నీళ్లు పోయండి. మూడు థర్మామీటర్ల కొనలు, రిఫరెన్సు కొన ఒకే ఎత్తులో ఉండేలా దారంతో కట్టి ముంచండి, తెరలు నీటికి తగలకూడదు. నీటిని కలుపుతూ ఉండండి, లేకపోతే పైనొక వేడి, కిందొక వేడి. తర్వాత 37 దగ్గర కూడా ఇలాగే. కొద్ది క్షణాల్లో ఊహించి చెప్పే రకం థర్మామీటరు అయితే ఈ పద్ధతి పనికిరాదు, అది నీటిని చూసి శరీరమనుకుని లెక్క వేస్తుంది.

దిండి_సిస్టర్

చేశాం. రిఫరెన్సు సవరించాక 39.0 ఉన్నప్పుడు మొదటిది 102.2, రెండోది 102.1, మూడోది 101.7. కానీ కాసేపటికి రిఫరెన్సు 38.7కి దిగింది, ఈ మూడూ మాత్రం కదల్లేదు. మూడూ చెడిపోయినట్టా?

గద్వాల్_ల్యాబ్

కాదు. ఇవి చూసిన అత్యధిక వేడిని పట్టుకుని ఉంచుతాయి, చంకలోంచి తీశాక చదవాలి కాబట్టి అలా చేశారు. నీళ్లు చల్లారుతుంటే రిఫరెన్సు దిగుతుంది, ఇవి దిగవు. అలా వదిలేస్తే మంచి థర్మామీటరు కూడా ఎక్కువ చూపుతున్నట్టు కనబడుతుంది. ఆపి, మళ్లీ ఆన్ చేసి ముంచండి. 38.7 అంటే ఫారన్‌హీట్‌లో దాదాపు 101.7.

దిండి_సిస్టర్

ఆపి మళ్లీ పెడితే 101.7, 101.6, మూడోది 101.2. 37.0 దగ్గర 98.6 రావాలి, మొదటి రెండూ 98.5, మూడోది 98.1. బ్యాటరీ మార్చినా మూడోది అంతే.

గద్వాల్_ల్యాబ్

మొదటి రెండూ వాడుకోండి, 0.2 ఫారన్‌హీట్ వరకు తేడా ఒప్పుకోవచ్చు. మూడోది అన్ని చోట్లా అర డిగ్రీ తక్కువ. 100.4 జ్వరాన్ని అది 99.9 అంటుంది. పక్కన పెట్టడం కాదు, చెత్తలో వేయండి. పక్కన పెడితే రద్దీలో ఎవరో ఒకరు మళ్లీ తీసి వాడతారు.

సాగర్_కాలువ

నుదుటి మీద గురిపెట్టే గన్ను కూడా ఇలాగే నీళ్లలో చూడవచ్చా? మే నెలలో మా ఊళ్లో బస్సు దిగి వచ్చినవాళ్లందరికీ జ్వరమే చూపిస్తుంది.

గద్వాల్_ల్యాబ్

దానికి నీళ్ల పరీక్ష సరిపోదు, వేడిని స్థిరంగా వెదజల్లే బ్లాక్‌బాడీ అనే ప్రత్యేక పరికరం కావాలి. అది మా దగ్గర లేదు. ఎండలోంచి వచ్చిన నుదురు నిజంగానే వేడిగా ఉంటుంది, గన్ను అబద్ధం చెప్పినట్టు కాదు. చాలా గన్నులు 40 డిగ్రీల గది వేడి దాటితే పనిచేస్తామని హామీ ఇవ్వవు కూడా. మనిషిని నీడలో అరగంట కూర్చోబెట్టి, గన్నును కూడా అదే గదిలో ఉంచి చూడాలి. అనుమానం ఉంటే చంకలో థర్మామీటరు పెట్టండి.

మిర్యాలగూడ_డాక్టర్

ఈ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయాలి? తూనికలు కొలతల శాఖ ముద్ర సరిపోతుందా, ఎన్ఏబీఎల్ కాగితం కావాలా? మా వైపు ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

పాలమూరు_మీటర్

నాణ్యత గుర్తింపు కోరేవాళ్లను కాలిబ్రేషన్ కాగితం అడుగుతారు, మీ వంటి చిన్న క్లినిక్ నుంచి ఎవరు ఏమడుగుతారో స్థానికంగా కనుక్కోవాల్సిందే. నా లెక్కలో డయల్‌కు ఆరు నెలలకోసారి, కింద పడితే అదే రోజు. డిజిటల్‌కు ఏడాదికోసారి. సిస్టర్, మానోమీటరు తిరిగి పంపేటప్పుడు టీ ముక్క మరచిపోకండి, పోయినసారి ఒకాయన దాన్ని ఉంచేసుకున్నాడు.

దిండి_సిస్టర్

మానోమీటరు సంచిలోనే పెట్టాను సార్. డయల్‌ను చీటీ లేకుండానే అలమారాలో పెట్టి తాళం వేశాం. కొత్తది వచ్చాక సీసాకు చుట్టి చూసి, ఆ అంకెలు కూడా ఇక్కడే రాస్తాను.